బిల్లు 55,000, చేతికొచ్చింది 34,600: కారు క్లెయిమ్ సెటిల్‌మెంట్ లెక్క ఎలా చదవాలి?

ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, మొత్తం కంపెనీయే ఇస్తుంది అన్న ధీమాతో కారును షెడ్డుకు పంపిస్తాం. రిపేరు అయ్యాక బిల్లు ఒకటి వస్తుంది, ఇన్సూరెన్స్ కంపెనీ మంజూరు చేసింది ఇంకొకటి ఉంటుంది. తేడా ఎందుకొచ్చిందని అడిగితే షెడ్డు వాళ్లు "డిప్రిసియేషన్ పోయింది సార్" అని ఒక్క మాటలో తేలుస్తారు. డిప్రిసియేషన్ అంటే వాడకం వల్ల భాగాల విలువలో లెక్కగట్టే తరుగుదల. చాలామంది ఆ మాటతోనే ఆగిపోయి, తేడా డబ్బు కట్టేసి కారు తెచ్చుకుంటారు.

ఆ తేడాలో కొంత నిజంగానే మీరు భరించాల్సింది. దానికి పాలసీలో రాసిన నియమం ఉంటుంది. కొంత మాత్రం లెక్కలో దొర్లిన తప్పు అయి ఉండొచ్చు. ఏది ఏదో తెలియాలంటే కాగితం, పెన్ను పట్టుకుని అరగంట కూర్చుంటే చాలు. సొంత వాడకం కారుకు, తరుగుదల కోయకుండా చూసే జీరో డిప్రిసియేషన్ లేని మామూలు ప్యాకేజీ పాలసీలో ఈ లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

మొదట అసలు లెక్క కాగితం తెప్పించుకోండి

మీ ఫోనుకు వచ్చే మెసేజ్‌లో ఒక్క మొత్తమే ఉంటుంది. దానితో ఏమీ తేలదు. మీకు కావలసింది, నష్టాన్ని అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ తయారు చేసిన అసెస్‌మెంట్ షీట్. అందులో ప్రతి భాగం ఎదురుగా ఎస్టిమేట్ ఎంత, సర్వేయర్ ఒప్పుకున్నది ఎంత, తరుగుదల ఎంత శాతం, చివరికి మిగిలింది ఎంత అని వరుసలుగా ఉంటుంది. సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకునే హక్కు పాలసీదారుకు ఉంది. క్లెయిమ్ నంబరు వేసి కంపెనీకి ఒక ఈమెయిల్ పంపండి. క్యాష్‌లెస్ క్లెయిమ్ అయితే షెడ్డులోని ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర కూడా ఈ షీట్ ఉంటుంది, ఫోనులో ఫొటో తీసుకోవచ్చు.

దానితో పాటు మరో మూడు కాగితాలు దగ్గర పెట్టుకోండి. షెడ్డు వాళ్ల ఫైనల్ బిల్లు, మీ ఆర్‌సీ, పాలసీ షెడ్యూలు. పాలసీ షెడ్యూలు అంటే ప్రీమియం, బండికి పాలసీలో కట్టిన విలువ అయిన ఐడీవీ, డిడక్టబుల్, యాడ్ ఆన్‌లు ఉండే మొదటి రెండు పేజీలు. వీలైతే వాటి వెనకున్న నియమాల పుస్తకం కూడా డౌన్‌లోడ్ చేసుకోండి. మనం వాడబోయే శాతాలన్నీ అందులో "సెక్షన్ 1" కింద అచ్చయి ఉంటాయి.

బండి వయసు మీరే లెక్కపెట్టండి

లోహపు భాగాల మీద కోత బండి వయసును బట్టి మారుతుంది. ఆర్‌సీలోని రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ప్రమాదం జరిగిన రోజు వరకు లెక్కపెట్టండి. షెడ్డుకు వెళ్లిన తేదీ, బిల్లు తేదీ ఇక్కడ పనికిరావు.

మన ఉదాహరణలో కారు 1,197 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. రిజిస్ట్రేషన్ 2022 జూన్ 14న జరిగింది. ప్రమాదం 2025 నవంబర్ 2న జరిగింది. అంటే వయసు మూడేళ్ల నాలుగు నెలలు దాటింది, నాలుగేళ్లు నిండలేదు. లోహపు భాగాలకు శాతాలు ఇలా ఉంటాయి:

| బండి వయసు | లోహపు భాగాల మీద కోత |
|---|---|
| 6 నెలల లోపు | లేదు |
| 6 నెలలు దాటి ఏడాది వరకు | 5% |
| ఏడాది దాటి 2 ఏళ్ల వరకు | 10% |
| 2 దాటి 3 ఏళ్ల వరకు | 15% |
| 3 దాటి 4 ఏళ్ల వరకు | 25% |
| 4 దాటి 5 ఏళ్ల వరకు | 35% |
| 5 దాటి 10 ఏళ్ల వరకు | 40% |
| 10 ఏళ్లు దాటితే | 50% |

మన కారుకు 25 శాతం వర్తిస్తుంది. ఇదే కారు తయారైంది 2021 అక్టోబరులో అనుకోండి. ఎవరైనా పొరపాటున తయారీ తేదీ నుంచి లెక్కిస్తే వయసు నాలుగేళ్లు దాటిపోయి కోత 35 శాతానికి ఎక్కుతుంది. షీట్‌లో 35 అని కనిపిస్తే ముందు వాళ్లు ఏ తేదీ తీసుకున్నారో చూడండి. గీత దగ్గర ఉన్న బండ్లకు, అంటే మూడేళ్లకో నాలుగేళ్లకో నాలుగు రోజులు ఇటూ అటూ ఉన్నవాటికి, ఈ ఒక్క తేదీతోనే వేల రూపాయల తేడా వస్తుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఐడీవీ లెక్కకు వేరే తరుగుదల పట్టిక ఉంటుంది, అందులో శాతాలు వేరు. అది బండి పూర్తిగా పోయినప్పుడు, దొంగతనం జరిగినప్పుడు, లేదా రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటినప్పుడు పనికొస్తుంది. మామూలు రిపేరు క్లెయిమ్‌లో భాగాల మీద కోతకు ఆ పట్టికతో సంబంధం లేదు. ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక పట్టుకుని కంపెనీతో వాదనకు దిగేముందు అది ఏ పట్టికో చూసుకోండి.

బిల్లులోని ప్రతి వరుసకూ అది దేనితో చేసిందో రాయండి

లెక్క అంతా ఇక్కడే తిరుగుతుంది. బండి వయసుతో పని లేకుండా కొన్ని పదార్థాలకు శాతం ముందే ఖరారై ఉంటుంది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలు, టైర్లు, ట్యూబులు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులు అన్నిటికీ 50 శాతం కోత. నిన్న షోరూం నుంచి తెచ్చిన కారుకైనా ఇంతే. ఫైబర్‌గ్లాస్ భాగాలకు 30 శాతం. అద్దాలకు అసలు కోత లేదు. మిగతావాటికి పైన చెప్పిన వయసు పట్టిక వర్తిస్తుంది.

కొత్త కారుకు ముందు బంపర్ పగిలితే సగమే వస్తుందని చాలామందికి తెలియదు. ఇప్పటి కార్లలో ముందు వైపు కనిపించేదంతా దాదాపు ప్లాస్టికే. ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేంత ప్రమాదమైతే అవి ఖరీదైనవి కాబట్టి సగం కోత చాలా గట్టిగా తగులుతుంది.

హెడ్‌లైట్ దగ్గర ఒక సందేహం వస్తుంది. చూడ్డానికి గాజులా ఉంటుంది కదా, కోత ఉండకూడదు కదా అని అడుగుతారు. ఇప్పటి హెడ్‌లైట్ల ముందు భాగం పాలీకార్బొనేట్, అంటే ఒక రకం ప్లాస్టిక్. కాబట్టి 50 శాతం వేస్తే అది తప్పు కాదు, దానిమీద సమయం పెట్టకండి. ముందు అద్దం, వెనక అద్దం, డోరు అద్దాలు మాత్రం గాజే. వాటి ఎదురుగా ఏ శాతమైనా కనిపిస్తే అడగాల్సిందే.

నిజంగా వాదించాల్సి వచ్చేది రెండు పదార్థాలు కలిసిన భాగాల దగ్గర. రేడియేటర్ మంచి ఉదాహరణ. దాని మధ్య భాగం అల్యూమినియం, పక్కనున్న ట్యాంకులు ప్లాస్టిక్. కొందరు సర్వేయర్లు లోహంగా లెక్కిస్తారు, కొందరు మొత్తాన్ని ప్లాస్టిక్ కింద వేసేస్తారు. నా ఉద్దేశంలో ఆ భాగం చేసే పని, దాని ఖరీదు రెండూ అల్యూమినియం కోర్‌లోనే ఉన్నాయి కాబట్టి లోహం రేటే న్యాయం. ఇలాంటివి కనిపిస్తే పాత భాగాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. షెడ్డు వాళ్లు దాన్ని పారేశాక చూపించడానికి ఏమీ ఉండదు.

లేబర్, పెయింట్ విడిగా చూడండి

విప్పడం, బిగించడం, డెంటింగ్ లాంటి కూలి మీద తరుగుదల ఉండదు. సర్వేయర్ రేటు ఎక్కువగా ఉందని కొంత తగ్గించి ఒప్పుకోవచ్చు, అది వేరే విషయం. శాతం కోత మాత్రం కూలి వరుసలో కనిపించకూడదు.

ఈ నియమం వల్ల రిపేరు చేయడమా, కొత్తది మార్చడమా అన్న నిర్ణయం మీ జేబు మీదా పడుతుంది. 8,000 రూపాయల బానెట్‌ను మారిస్తే మన ఉదాహరణలో 2,000 మీరు భరించాలి. అదే బానెట్ మూడు వేల కూలితో సరిగా అయ్యే సొట్టే అయితే తరుగుదల పేరుతో మీకు పడేది సున్నా. అన్నీ కొత్తవే వేయించుకోవాలని పట్టుబట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. వంగిన చోట లోహం చిరిగినా, మడత పడినా మార్చడమే మంచిది. నున్నటి సొట్టకు డెంటింగ్ సరిపోతుంది.

ఇక పెయింట్. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూడండి. పెయింటింగ్‌లో రంగు సామాను ఖర్చు మీద మాత్రమే 50 శాతం కోత వేయాలి. పెయింటర్ కూలి మీద వేయకూడదు. బిల్లులో సామాను, కూలి విడదీయకుండా మొత్తం ఒకే అంకెగా ఉంటే, అందులో 25 శాతాన్ని సామాను ఖర్చుగా తీసుకోవాలని పాలసీలోనే ఉంది. అంటే 12,000 రూపాయల పెయింటింగ్ బిల్లులో సామాను 3,000 కింద లెక్క. దానిలో సగం 1,500 కోత. మిగిలిన 10,500 మీకు రావాలి. చిన్న గుర్తు కావాలంటే, ఒకే అంకెగా ఉన్న పెయింట్ బిల్లు మీద మొత్తం కోత ఎనిమిదో వంతు దాటకూడదు.

షెడ్డు వాళ్లు సామాను 5,000, కూలి 7,000 అని విడదీసి రాస్తే కోత 2,500 అవుతుంది. నిజంగా విడివిడిగా ఖర్చయిందైతే అది సరైన లెక్కే. కాకపోతే కంప్యూటర్‌లో ఏదో ఒక నిష్పత్తి వేసి విడగొట్టే షెడ్లు కూడా ఉంటాయి. ఎస్టిమేట్ దశలోనే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడగండి.

అసలు ఒప్పుకోని వరుసలు

కొన్ని వరుసల ఎదురుగా మంజూరు సున్నా ఉంటుంది. కారణాలు ప్రధానంగా మూడు.

మొదటిది, వాడితే అయిపోయే సామాను. కూలెంట్, ఇంజిన్ ఆయిల్, ఏసీ గ్యాస్, గ్రీజు, నట్లు, బోల్టులు, క్లిప్పులు మామూలు పాలసీలో సాధారణంగా ఇవ్వరు. "కన్జ్యూమబుల్స్" అనే యాడ్ ఆన్ విడిగా తీసుకుంటేనే వస్తాయి.

రెండోది, ఈ ప్రమాదానికి సంబంధం లేనివి. పాత గీతలు, తుప్పు, అరిగిపోయిన భాగాలు, యాంత్రికంగా చెడిపోయినవి ఈ కోవలోకి వస్తాయి. టైరు ఒక్కటే పగిలి బండికి ఇంకేమీ కాకపోతే టైరుకు డబ్బు రాదు. బండి కూడా దెబ్బతింటే టైరుకు సగం వస్తుంది.

మూడోది మాత్రం మీరు కాపాడుకోగలిగింది. సర్వేయర్ మొదటిసారి వచ్చినప్పుడు లోపల దెబ్బ తగిలిందో లేదో పైనుంచి కనిపించని భాగాలను "కెప్ట్ ఓపెన్" అని రాసి వదులుతారు. బంపర్ విప్పాక రేడియేటర్ సపోర్ట్ వంగిందని తేలితే, కొత్తది బిగించకముందే సర్వేయర్‌ను మళ్లీ పిలిచి చూపించాలి. షెడ్డు తొందరలో బిగించేసి తర్వాత బిల్లులో కలిపితే ఆ వరుస సున్నా అవుతుంది, తర్వాత ఎంత వాదించినా రుజువు ఉండదు. అందుకే విప్పే రోజున షెడ్డుకు ఫోన్ చేసి, ఓపెన్‌గా ఉన్నవి ఏమిటో, సర్వేయర్ వచ్చి చూశారో లేదో కనుక్కోండి.

డిడక్టబుల్ చివర్లో, ఒక్కసారే

కంపల్సరీ డిడక్టబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు తప్పనిసరిగా భరించే స్థిరమైన మొత్తం. సొంత కారు 1,500 సీసీ లోపుంటే 1,000 రూపాయలు, దాటితే 2,000. దీన్ని శాతాలన్నీ తీసేశాక చివర్లో తీస్తారు. మీ షీట్‌లో దీనికంటే ఎక్కువ తీసుంటే కారణం మూడింటిలో ఒకటి అయి ఉంటుంది.

ప్రీమియం తగ్గుతుందని మీరో, మీ తరఫున ఆన్‌లైన్‌లో పాలసీ తీసినవాళ్లో వాలంటరీ డిడక్టబుల్ పెట్టి ఉండొచ్చు. అది 2,500 నుంచి 15,000 వరకు ఉంటుంది, కంపల్సరీకి అదనంగా తీస్తారు. పాలసీ షెడ్యూలులో ఈ వరుస సున్నా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. రెండో కారణం, ఇంజిన్ సీసీ తప్పుగా పడటం. ఆర్‌సీతో పోల్చితే తేలుతుంది.

మూడోది, దెబ్బలు రెండు వేర్వేరు ప్రమాదాలవని సర్వేయర్ భావించడం. ముందు బంపర్‌కు తగిలిన దెబ్బ, వెనక డోరు మీది పొడుగాటి గీత ఒకే గుద్దుకు రావు కదా. అప్పుడు రెండు క్లెయిములుగా చూసి డిడక్టబుల్ రెండుసార్లు తీస్తారు. నిజంగా రెండైతే అది సరైనదే. ఒకే ప్రమాదంలో బండి తిరిగి పక్కనున్న గోడకు కూడా తగిలిందనుకోండి, క్లెయిమ్ ఫారంలో ప్రమాదం ఎలా జరిగిందో రాసేచోట ఆ సంగతి స్పష్టంగా రాయండి. "కారు గుద్దుకుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే రెండో దెబ్బకు వివరణ లేకుండా పోతుంది.

ఇవి కాక సాల్వేజ్ అని ఇంకో చిన్న కోత ఉంటుంది. మార్చిన పాత బానెట్, ఫెండర్ లాంటి లోహపు తుక్కు విలువ అది. మీ డబ్బులోంచి ఆ విలువ తీశారంటే ఆ తుక్కు మీదే. షెడ్డు దగ్గర అడిగి తీసుకోవచ్చు.

ఇప్పుడు మన ఉదాహరణ షీట్ చదువుదాం

మన కారు ముందు భాగం దెబ్బతిన్నది. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలన్నీ జీఎస్టీ కలిపి రాశాను. మీ షీట్‌లో భాగాల ధరలు పన్ను లేకుండా ఉండి, కింద పన్ను విడిగా కలిపి ఉండొచ్చు. అలా ఉంటే పన్నును భాగాలకూ కూలికీ రెండింటికీ కలిపారో లేదో చూడండి. కంపెనీ పంపిన లెక్క ఇది:

| వరుస | బిల్లు | కోత | మంజూరు |
|---|---|---|---|
| బంపర్, గ్రిల్, హెడ్‌లైట్ | 11,600 | 5,800 | 5,800 |
| బానెట్, ఫెండర్ | 11,200 | 2,800 | 8,400 |
| రేడియేటర్ | 6,000 | 3,000 | 3,000 |
| ముందు అద్దం | 7,000 | 0 | 7,000 |
| లేబర్ | 6,000 | 0 | 6,000 |
| పెయింటింగ్ | 12,000 | 6,000 | 6,000 |
| కూలెంట్, క్లిప్పులు | 1,200 | 1,200 | 0 |
| మొత్తం | 55,000 | 18,800 | 36,200 |

ఈ 36,200లోంచి సాల్వేజ్ 600, కంపల్సరీ డిడక్టబుల్ 1,000 తీసి 34,600 మంజూరు చేశారు. యజమాని మీద పడ్డది 20,400.

పైనుంచి కిందికి వద్దాం. మొదటి వరుసలో మూడూ ప్లాస్టిక్, సగం కోత సరిపోయింది. బానెట్, ఫెండర్ లోహం, బండి వయసుకు 25 శాతం, 11,200లో 2,800 సరిగ్గా ఉంది. అద్దానికి, లేబర్‌కు కోత లేదు. కూలెంట్ వరుస సున్నా, యాడ్ ఆన్ లేదు కాబట్టి ఒప్పుకోవాలి. కారు 1,197 సీసీ, డిడక్టబుల్ 1,000 సరైనదే.

మిగిలినవి రెండు. రేడియేటర్‌కు 50 శాతం వేశారు. లోహంగా తీసుకుంటే కోత 1,500 మాత్రమే, మంజూరు 4,500 కావాలి. ఇది వాదించి సాధించుకోవాల్సిన వరుస, ఫొటో ఉంటే బలం. పెయింటింగ్‌కు మొత్తం బిల్లు మీద సగం కోసేశారు. ఇందులో వాదనకు చోటు లేదు, నేరుగా లెక్క తప్పు. ఒకే అంకెగా ఉన్న బిల్లు కాబట్టి కోత 1,500 ఉండాలి, 6,000 కాదు. ఇక్కడే 4,500 పోయింది.

రెండూ సరిచేస్తే 6,000 పెరిగి మంజూరు 40,600 అవుతుంది. అప్పుడు యజమాని భరించేది 14,400. అందులో తరుగుదల 11,600, కూలెంట్ వగైరా 1,200, సాల్వేజ్ 600, డిడక్టబుల్ 1,000. బిల్లుకూ మంజూరుకూ మధ్య తేడాను ఇలా కుప్పలుగా విడగొట్టినప్పుడు ప్రతి రూపాయికీ పేరు దొరకాలి. పేరు దొరకని మొత్తం మిగిలితే, ఆ మొత్తం గురించే కంపెనీని అడగాలి.

తప్పు కనిపిస్తే ఎలా అడగాలి

"నాకు తక్కువ వచ్చింది, మళ్లీ చూడండి" అని రాస్తే "పాలసీ నిబంధనల ప్రకారమే ఇచ్చాం" అన్న జవాబే వస్తుంది. వరుస పేరు, వాళ్లు వేసిన శాతం, పాలసీలో ఉన్న శాతం, తేడా ఎంతో రాయండి. ఇలా:

"క్లెయిమ్ నంబరు ఫలానా. అసెస్‌మెంట్ షీట్‌లో పెయింటింగ్ 12,000 మొత్తం మీద 50% తరుగుదల వేశారు. బిల్లు ఏకమొత్తంగా ఉన్నప్పుడు 25% మాత్రమే సామాను ఖర్చుగా తీసుకుని దానిమీద 50% వేయాలని పాలసీ సెక్షన్ 1లో ఉంది. ఆ ప్రకారం కోత 1,500. అదనంగా తీసిన 4,500 చెల్లించగలరు. రేడియేటర్ కోర్ అల్యూమినియం, ఫొటో జతపరిచాను. వయసు ప్రకారం 25% కోత వర్తింపజేసి 1,500 చెల్లించగలరు."

దీన్ని ఇంగ్లీషులో పంపడం పని త్వరగా జరగడానికి మంచిది. సర్వేయర్‌కు ఫోన్ చేసి మర్యాదగా చెబితే చాలాసార్లు పెయింట్ లాంటి తప్పు అక్కడే సరిదిద్దేస్తారు, కానీ ఫోన్ తర్వాత ఈమెయిల్ తప్పనిసరిగా పంపండి. క్యాష్‌లెస్ అయితే బండి డెలివరీ తీసుకునేముందే ఇది జరగాలి. బండి అత్యవసరమైతే తేడా కట్టి తీసుకోండి, రసీదు మీద అది దేనికి కట్టారో రాయించుకోండి.

డబ్బు వేసేముందు "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం అడగొచ్చు. సంతకం చేస్తే ఇక అడిగే హక్కు పోయినట్టేనని భయపడి కొందరు డబ్బు తీసుకోకుండా నెలలు గడిపేస్తారు. వోచర్ మీద సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ పరిహారం కోసం న్యాయ వేదికలకు వెళ్లే హక్కు పోదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015 సెప్టెంబరులోనే సర్క్యులర్‌లో చెప్పింది. అయినా ఏ రెండు వరుసల మీద అభ్యంతరం ఉందో సంతకానికి ముందే ఈమెయిల్‌లో పెట్టి ఉంచితే మీ పక్షం గట్టిగా ఉంటుంది.

కంపెనీ ఒప్పుకోకపోతే ముందు దాని గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. రెండు వారాలు చూసి, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్ bimabharosa.irdai.gov.in లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా 155255కు ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాతి మెట్టు ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం వాళ్లకు హైదరాబాద్ కార్యాలయం. రుసుము లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ జవాబు నచ్చకపోయినా, నెల దాటినా జవాబు రాకపోయినా వెళ్లొచ్చు, కానీ తిరస్కరించిన రోజు నుంచి ఏడాది లోపు వెళ్లాలి. 6,000 రూపాయలకు ఇంత దూరం వెళ్లాలా అన్నది మీ ఇష్టం. పెయింట్ లెక్కలాంటి సూటి తప్పు అయితే చాలావరకు మొదటి ఈమెయిల్‌తోనే తేలుతుంది. రేడియేటర్‌లాంటి వాదన ఒక్కటే మిగిలితే మాత్రం నేను బీమా భరోసా దగ్గరే ఆగుతాను.

క్లెయిమ్ పెట్టకముందే వేసుకోవాల్సిన లెక్క

బంపర్ మీద గీత పడి 4,000 పెయింట్ పని మాత్రమే ఉందనుకోండి. ఎనిమిదో వంతు 500 పోతుంది, డిడక్టబుల్ 1,000 పోతుంది, చేతికి 2,500 వస్తుంది. మీకిప్పుడు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంటే, క్లెయిమ్ లేకపోతే వచ్చే ఏడు అది 45 శాతం అవుతుంది. సొంత నష్టం ప్రీమియం 8,000 అయితే ఆ రాయితీ విలువ 3,600. క్లెయిమ్ పెడితే అది సున్నాకు పడిపోయి మళ్లీ 20 నుంచి మొదలవుతుంది. ఇలాంటి చిన్న పనులకు జేబులోంచి పెట్టుకోవడమే లాభం.

ఇక జీరో డిప్రిసియేషన్. పై ఉదాహరణలో అది ఉంటే తరుగుదల 11,600 కూడా కంపెనీయే ఇచ్చేది, మంజూరు 52,200 అయ్యేది. అప్పుడూ కూలెంట్ వగైరా, సాల్వేజ్, డిడక్టబుల్ కలిపి 2,800 మీరే కట్టాలి. "జీరో డెప్ ఉంది, ఒక్క రూపాయి పడదు" అని ఏజెంట్ చెప్పే మాటలో పట్టు లేనిది ఇక్కడే. ఆ యాడ్ ఆన్‌లో ఏడాదికి ఎన్ని క్లెయిములు అనుమతిస్తారో, టైర్లు, బ్యాటరీ కలిశాయో లేదో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ పేరా చదివి తీసుకోండి. అది ఉండి కూడా మీ అసెస్‌మెంట్ షీట్‌లో బంపర్ ఎదురుగా 50 శాతం కనిపిస్తే, సర్వేయర్ దగ్గరికి మీ పాలసీ పాత కాపీ వెళ్లిందేమో చూడండి. యాడ్ ఆన్ పేరున్న షెడ్యూలు పేజీని ఈమెయిల్‌కు జతచేసి పంపిస్తే సర్వేయర్ లెక్క తిరగరాయాల్సిందే.